చక్రవడ్డీ, వాయిదా లెక్కలను సరిచూడటం

చక్రవడ్డీ లెక్కలోనూ, అప్పు తీర్చే నెలవారీ వాయిదా లెక్కలోనూ సూత్రం మరిచిపోయి తప్పు చేసేవారు తక్కువ. సూత్రం పుస్తకంలో ఉంటుంది, యంత్రంలో ఉంటుంది. తప్పు దానిలో వేసే అంకెల దగ్గర వస్తుంది. వడ్డీ ఎన్నాళ్లకోసారి అసలులో కలుస్తుందో పొరబడటం ఒకటి. ఏడాది రేటును నెల రేటుగా మార్చేటప్పుడు దారి తప్పడం రెండోది. లెక్క సగంలో ఉండగానే దశాంశాలను రౌండ్ చేసి ముందుకు పోవడం మూడోది. ఈ మూడింటినీ పట్టుకోవాలంటే అదే సూత్రాన్ని మళ్లీ చేసి చూస్తే చాలదు. మొదటిసారి వేసిన తప్పు అంకెనే రెండోసారీ వేస్తాం, రెండుసార్లూ ఒకే జవాబు వస్తుంది, అది సరైనదనే నమ్మకం మాత్రం రెట్టింపవుతుంది. సరిచూపు వేరే దారిలో జరగాలి. వచ్చిన వాయిదాను అప్పు ఖాతాలో పెట్టి నెలనెలా నడిపించి, చివర బాకీ సున్నా అవుతుందో లేదో చూడాలి. సున్నా కాకపోతే మిగిలిన మొత్తం ఎంత, ఆ తప్పు వాయిదా వెనక దాగిన వడ్డీ రేటు ఎంత అనే రెండు ప్రశ్నలతో తప్పు ఎక్కడ జరిగిందో చాలావరకు తేల్చవచ్చు. ఈ వ్యాసం నిలబడే వాదన ఇదే.

జవాబును తిరిగి లెక్కలో పెట్టి చూసే పద్ధతి వడ్డీ గణితమంత పాతది. 499లో రాసిన ఆర్యభటీయం గణితపాదంలో వడ్డీ మీద వడ్డీకి సంబంధించిన ఒక సూత్రం ఉంది. నూరు రూపాయల మీద ఒక నెలకు వచ్చిన వడ్డీ ఎంతో తెలియదు. ఆ వడ్డీనే అదే రేటుకు మరికొన్ని నెలలు అప్పిచ్చారు. మొదటి వడ్డీ, దాని మీద వచ్చిన వడ్డీ కలిపి ఎంతయిందో మాత్రం తెలుసు. ఆ తెలియని వడ్డీని కనుక్కోవాలి. రెండో అప్పు 4 నెలలు, కూడిక మొత్తం 6 రూపాయలు అనుకుంటే సూత్రం ఇచ్చే జవాబు 5. ఇది వర్గసమీకరణం, సాధన అందరికీ సులువు కాదు. సరిచూడటానికి మాత్రం సమీకరణంతో పనే లేదు. నూటికి 5 చొప్పున 5 రూపాయలకు 4 నెలల వడ్డీ 1 రూపాయి, మొదటి 5తో కలిపితే 6. జవాబు కనుక్కునే దారి కష్టమైనా, సరిచూసే దారి చిన్న కూడిక, గుణకారాలతోనే పూర్తవుతుంది. వాయిదా లెక్కకూ ఈ సౌలభ్యం ఉంది.

ముందు గడువు సంగతి. వడ్డీ ఎప్పుడు అసలులో కలుస్తుందో వడ్డీ రేటు చెప్పదు, ఒప్పందం చెబుతుంది. తెలుగు ఊళ్లలో ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు 2 రూపాయలు, ఏటికి 24. ఈ మాటలో రేటు ఉంది, తిరగకట్టే గడువు లేదు. లక్ష రూపాయలు ఈ వడ్డీకి ప్రోనోటు మీద తీసుకుని 6 ఏళ్లు ఏమీ కట్టకపోతే ఎంతవుతుందని అడిగితే, ఒకే రేటుతో నాలుగు జవాబులు వస్తాయి. బారువడ్డీ అయితే 2,44,000. ఏడాదికోసారి తిరగకడితే 3,63,522. నెలనెలా తిరగకడితే సుమారు 4,16,000. వాడుకలో తరచు జరిగేది ఈ మూడూ కాదు. ప్రోనోటు మీద దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం ఇచ్చే గడువు 3 ఏళ్లు. ఆ గడువు దాటకముందే నోటు తిరగరాస్తారు. అప్పటికి పేరుకున్న 72,000 వడ్డీ కొత్త నోటులో అసలుగా మారి 1,72,000 అవుతుంది. మరో 3 ఏళ్లకు అది 2,95,840. అంటే ఇక్కడ వడ్డీ లెక్క నెలకు, వడ్డీ అసలులో కలిసేది మాత్రం 3 ఏళ్లకోసారి. ‘నెల వడ్డీ కాబట్టి నెలనెలా చక్రవడ్డీ’ అనుకున్నవారికి లక్షా ఇరవై వేలు ఎక్కువగా వస్తుంది. సూత్రంలో వారు చేసిన తప్పు ఒక్కటీ లేదు. అందుకే సరిచూపులో మొదటి ప్రశ్న అంకె గురించి కాదు, ఏ తేదీన వడ్డీ అసలుగా మారుతుందన్నదాని గురించి. రిజర్వు బ్యాంకు సూచన ప్రకారం 2002 ఏప్రిల్ నుంచి బ్యాంకులు సాధారణ రుణాల మీద వడ్డీని నెలకోసారి ఖాతాలో వేస్తున్నాయి. పంటకాలంతో ముడిపడిన వ్యవసాయ రుణాలకు ఆ పద్ధతి వర్తించదు. రెండూ ఒకే బ్యాంకు, ఒకే రేటు అయినా లెక్కలు ఒకటి కావు.

ఇప్పుడు ఒక వాయిదా అప్పును చివరిదాకా నడిపి చూద్దాం. అసలు 5,00,000, వడ్డీ ఏటికి 10 శాతం, గడువు 5 ఏళ్లు, నెలనెలా సమానమైన వాయిదా, వాయిదా నెల చివర. సూత్రం ముట్టుకోకముందే జవాబు ఏ రెండు అంకెల మధ్య ఉండాలో తెలుసుకోవచ్చు. వడ్డీయే లేకపోతే నెలకు 5,00,000ను 60తో భాగించిన 8,333 కట్టాలి. మొదటి నుంచి చివరిదాకా మొత్తం అసలు మీద వడ్డీ నడుస్తుందనుకుంటే దానికి నెలకు 4,167 కలిసి 12,500 అవుతుంది. నిజమైన వాయిదా ఈ రెండింటికీ మధ్యనే ఉండాలి, ఎందుకంటే బాకీ నెలనెలా తగ్గుతోంది. కింది హద్దును ఇంకా పైకి జరపవచ్చు. అసలును నెలకు సమానంగా తీరుస్తూ పోతే, తగ్గే బాకీ మీద పడే వడ్డీ సగటున నెలకు 2,118. 8,333తో కలిపితే 10,451. సమాన వాయిదా పద్ధతిలో మొదటి నెలల్లో అసలు నెమ్మదిగా తీరుతుంది కాబట్టి వడ్డీ ఇంతకంటే కొంచెం ఎక్కువే పడుతుంది. కాబట్టి జవాబు 10,451కి పైన, అదీ దానికి దగ్గరలోనే ఉండాలి. ఈ చిన్న లెక్క మోటు తప్పులన్నింటినీ ఆపేస్తుంది. ఏడాది రేటు 10 శాతాన్ని 60 నెలలకు వాడినవారికి వాయిదా 50,000 దాటుతుంది. నెల రేటు వేసి గడువును 5గా ఉంచినవారికి లక్ష దాటుతుంది. 12,500 కచ్చితంగా వచ్చిందంటే, అప్పు ఇచ్చినవారు ఫ్లాట్ రేటు వాడారన్నమాట. బాకీ తగ్గుతున్నా మొదటి అసలు మీదే వడ్డీ వసూలు చేసే ఈ పద్ధతిలో ‘10 శాతం’ అన్నది తగ్గే బాకీ మీద 17 శాతం పైచిలుకు వడ్డీతో సమానం. కాగితం మీద రెండింటి పేరూ ఒకటే కావడం అప్పు తీసుకునేవారికి నిజంగా అన్యాయం చేసే విషయం.

హద్దులు దాటని తప్పులే అసలు చిక్కు. సరైన వాయిదా 10,623.52. స్ప్రెడ్‌షీట్‌లో దీన్ని ఇచ్చే సూత్రం, చివరి బాకీ చూపే సూత్రం, వాయిదా వెనక ఉన్న నెల రేటును తీసే సూత్రం ఇవి. E ఉన్న చోట సరిచూడాల్సిన వాయిదా వేయాలి.

```
=PMT(10%/12, 60, -500000)
=FV(10%/12, 60, E, -500000)
=RATE(60, -E, 500000)
```

చేత్తో నడిపినా మొదటి రెండు నెలలు చాలా చెబుతాయి. మొదటి నెల వడ్డీ 4,166.67. వాయిదాలో అది పోను అసలుకు జమ అయ్యేది 6,456.85, బాకీ 4,93,543.15. రెండో నెల వడ్డీ 4,112.86, అసలుకు జమ 6,510.66. ఇక్కడ ఆగి చూడదగ్గ సంగతి ఒకటి ఉంది. అసలు జమ మొదటి నెల కంటే 53.81 పెరిగింది. మొదటి జమ 6,456.85 మీద నెల వడ్డీ కడితే వచ్చేది సరిగ్గా అంతే. తీరిన అసలు మీద వడ్డీ ఇక కట్టనక్కర్లేదు కాబట్టి ఆ మిగులు తర్వాతి నెల అసలు జమలో చేరుతుంది. సరైన పట్టికలో ప్రతి అసలు జమా ముందరిదానికి నెల రేటు చొప్పున పెరగాలి. ఏ పట్టిక అయినా చేతికొస్తే పక్కపక్క నెలల అసలు జమలను భాగించి చూస్తే, ఆ పట్టిక చేసినవారు వాడిన నెల రేటు బయటపడుతుంది. ఒక వరుస 1.00833 ఇచ్చి మరో వరుస ఇంకోటి ఇస్తే, మధ్యలో రేటు మారిందనో పట్టిక తప్పనో అర్థం.

ఇక చివర మిగిలే బాకీ. నెలకు ఒక రూపాయి తక్కువ కడుతూ పోతే, ఆ రూపాయలన్నీ వాటి మీద పడే వడ్డీతో కలిసి 60 నెలల చివర 77 రూపాయల 44 పైసలవుతాయి. ఈ అప్పుకు అదే కొలబద్ద. ముగింపు బాకీని 77.44తో భాగిస్తే వాయిదాలో తప్పెంతో వస్తుంది. ఇప్పుడు కొన్ని తప్పు జవాబులను దీనితో కొలుద్దాం. ఏడాదికోసారి చెల్లింపు అనుకుని 5 విడతల వాయిదా కట్టి, దాన్ని 12తో భాగించినవారికి నెలకు 10,991.56 వస్తుంది. చూడటానికి పొందికైన అంకే. కానీ ఖాతాలో నడిపితే అప్పు 60 నెలలు నిలవదు, 58వ నెలలోనే తీరిపోతుంది, చివరికి 28,500 ఎక్కువ కట్టినట్టు తేలుతుంది. గడువు తప్పుకు గుర్తు ఇది. నెలనెలా కడుతున్న డబ్బుకు ఏడాది చివరిదాకా విలువ ఇవ్వలేదు కాబట్టి తేడా పెద్దదిగా, ఎక్కువ కట్టించే వైపుగా వస్తుంది.

రేటు మార్పిడి తప్పు ఇంత బిగ్గరగా పలకదు. 10 శాతం అంటే ఏడాది చివర చక్రవడ్డీతో కలిపి 10 అని భావించి, 1.1కి పన్నెండో మూలం తీసినవారికి నెల రేటు 0.8333కు బదులు 0.7974 వస్తుంది, వాయిదా 10,517.79. సరైనదానికి 105 రూపాయల 73 పైసలు తక్కువ. చివర బాకీ దాదాపు 8,190 మిగులుతుంది. ఇలా చేసినవారిది గణితం ప్రకారం తప్పు కాదు, వారు ‘10 శాతం’ అన్న మాటకు వేరే అర్థం తీసుకున్నారు. మన బ్యాంకులు చెప్పే ఏడాది రుణరేటు పన్నెండుతో భాగించాల్సిన నామమాత్ర రేటు. నెలనెలా తిరగకడితే అది ఏడాదికి 10.47 శాతమవుతుంది. ఈ భాగహారం అంతటా చెల్లదు. కెనడాలో స్థిర వడ్డీ ఇంటి రుణాలకు రేటును అర్ధ సంవత్సరానికోసారి తిరగకట్టేదిగా చెప్పడం ఆనవాయితీ. అక్కడ స్థిరపడిన తెలుగువారు 10ని 12తో భాగిస్తే నెల రేటు 0.8333 వస్తుంది, నిజంగా వాడాల్సింది 1.05కి ఆరో మూలం ఇచ్చే 0.8165. కాబట్టి ‘12తో భాగించు’ అన్నది నియమం కాదు, ఒక దేశంలో ఒక రకం ఒప్పందానికి సరిపోయే అలవాటు మాత్రమే.

మూడో తప్పు, ముందే రౌండ్ చేయడం, నెల రేటును 0.83 శాతంగా రాసుకున్న చోట మొదలవుతుంది. వాయిదా 10,613.69 అవుతుంది. నెలకు పదిరూపాయల లోపు తేడా, చివర 761 మిగులు. 0.8కి కుదిస్తే వాయిదా 10,525.38, మిగులు 7,600. రేటును కాపాడి, 60 నెలల గుణకం 1.6453ను 1.65గా రాసినా నష్టమే. అక్కడ కుదింపు వందకు 0.3 కూడా లేదు. కానీ వాయిదా సూత్రంలో ఆ గుణకం నుంచి 1 తీసేయాలి. 0.6453 కాస్తా 0.65 అయి, అదే చిన్న తేడా వందకు 0.7 దాటుతుంది. వాయిదా 10,576.92కి పడిపోతుంది. దగ్గరదగ్గరగా ఉన్న రెండు అంకెల తీసివేత ఉన్న చోట దశాంశాలను ఎక్కువగా ఉంచాలనే మాటకు కారణం ఇదే. గుణకాన్ని 1.645గా ఉంచినా 3 రూపాయల తేడా వస్తుంది. కనీసం ఆరు దశాంశాలు, వీలైతే యంత్రం జ్ఞాపకంలో ఉన్నదంతా చివరిదాకా మోయాలి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. 0.8కి కుదించిన తప్పు 7,600 మిగిల్చింది, రేటు మార్పిడి తప్పు 8,190 మిగిల్చింది. వాయిదాను నెల మొదట్లోనే కట్టినట్టు లెక్కేసినవారికి 10,535.73 వచ్చి సుమారు 6,800 మిగులుతుంది. మూడూ ఒకే అంతరంలో ఉంటే మిగులును చూసి తప్పును ఎలా గుర్తుపడతారు? ఈ అభ్యంతరం సరైనదే. మిగులు ఒక్కటే సాక్ష్యం కాదు. అందుకే రెండో ప్రశ్న కావాలి. తప్పు వాయిదా వెనక దాగిన నెల రేటును బయటికి తీస్తే, మొదటిది సరిగ్గా 0.8000 చూపిస్తుంది, అంత నున్నని అంకె కుదింపునే సూచిస్తుంది. రెండోది 0.7974 చూపిస్తుంది, దాన్ని పన్నెండు నెలలు తిరగకడితే సరిగ్గా 10 శాతం అవుతుంది. మూడోదానికి అలాంటి తెలిసిన రేటేదీ దొరకదు, కానీ సరైన వాయిదాను దానితో భాగిస్తే 1.00833, అంటే సరిగ్గా ఒక నెల వడ్డీ గుణకం వస్తుంది. ఎవరో వాయిదాను ఒక నెల ముందుకు జరిపారన్నమాట. మిగులు తప్పు పరిమాణాన్ని చెబితే, దాగిన రేటు దాని పుట్టుకను చెబుతుంది. రెండు తప్పులు ఒకే లెక్కలో కలిస్తే మాత్రం ఈ గుర్తులు కలగాపులగమవుతాయి. ఒకటి వాయిదాను పెంచి ఇంకోటి తగ్గిస్తే మిగులు చిన్నదై మోసం కూడా చేయవచ్చు. అప్పుడు ఒక్కో అంకెనూ ఒప్పందంతో పోల్చి చూడటం తప్ప దగ్గరిదారి లేదు.

పది రూపాయల తేడా గురించి ఇంత పట్టుదల ఎందుకని మరో అభ్యంతరం. ఆ పది ఎన్ని నెలలు నడుస్తుందన్నదే సమాధానం. ఇదే 10 శాతం మీద 20 ఏళ్ల ఇంటి రుణానికి కొలబద్ద 77 కాదు, 759. నెలకు 10 రూపాయలు తక్కువ కడితే గడువు ముగిసేసరికి ఏడున్నర వేలకు పైగా బాకీ నిలుస్తుంది. రుణం పెద్దదైతే కుదింపు తప్పు పదితో ఆగదు కూడా. 50 లక్షల మీద అదే శాతం తప్పు పది రెట్లవుతుంది.

అలాగని బ్యాంకు ఇచ్చిన పట్టిక పైసాతో సహా కలవకపోతే తప్పు దొరికిందనుకోకూడదు. చాలా బ్యాంకులు వాయిదాను నెల లెక్కన కట్టినా, వడ్డీని రోజుల లెక్కన వేస్తాయి. 5 లక్షల బాకీ మీద 31 రోజుల నెలకు వడ్డీ 4,246.58, 30 రోజుల నెలకు 4,109.59. మన లెక్కలోని 4,166.67 ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. నెలకు వచ్చే ఇలాంటి పదుల రూపాయల తేడా ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఊగుతుంది. తప్పు రేటు తెచ్చే తేడా అలా ఊగదు, ప్రతి నెలా ఒకే వైపు పేరుకుంటుంది. ఏడాది మొత్తం వడ్డీని కూడి పోల్చితే మొదటి రకం తేడా చాలావరకు సర్దుకుపోతుంది, రెండోది పెరిగి కనిపిస్తుంది. రోజుల లెక్క లేని శుద్ధమైన నెలవారీ పట్టికలో, ప్రతి నెల వడ్డీనీ పైసాకు రౌండ్ చేసుకుంటూ పోయినా 60 నెలల చివర మిగిలేది రూపాయి లోపే. అంతకు మించితే వెతకాలి.

చివర చేసే రౌండింగ్ తప్పు కాదు, అవసరం. పైసల్లో వాయిదా వసూలు చేయడం ఇబ్బంది కాబట్టి 10,623.52ను 10,624 చేస్తారు. నెలకు 48 పైసలు ఎక్కువ పడతాయి, 77.44 కొలబద్దతో అవి చివరికి 37 రూపాయలవుతాయి. వాటిని ఎవరూ ఉంచుకోనక్కర్లేదు. 59 నెలలు 10,624 చొప్పున కట్టి, అరవయ్యో వాయిదాను 10,587గా కడితే బాకీ సున్నాకు వస్తుంది. చేతిలో ఉన్న పట్టికలో చివరి వాయిదా మిగతావాటికంటే ఇలా కొద్దిగా తేడాగా ఉంటే, లెక్క కట్టినవారు దశాంశాలను చివరిదాకా మోసి అక్కడ సర్దారని అర్థం. అరవై వాయిదాలూ రూపాయికి రౌండ్ అయి, అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండి, అయినా చివరి బాకీ గడిలో సున్నా కనిపిస్తుంటే, ఆ సున్నా లెక్కలో వచ్చిందో ఎవరైనా టైపు చేశారో ఆ గడి మీద నొక్కి చూడాలి.